వేడి చేయలేదు, చర్మం చచ్చిపోతోంది

మందుల షాపు ప్లాస్టిక్ కవరు ఒకదాన్ని నా బల్ల మీద బోర్లించాడు ఆయన. మూడు స్ట్రిప్పులు పూర్తిగా ఖాళీ. నాలుగోదాంట్లో ఐదు మాత్రలు మిగిలాయి. కార్బమజెపిన్, 100 మిల్లీగ్రాములవి. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకోమన్నారట. నలభై కొన్నారు, ముప్ఫై ఐదు మింగింది ఆయన భార్య. వయసు 44 ఏళ్ళు. ఆమె పక్క గదిలో స్ట్రెచర్ మీద ఉంది. పెదవుల మీద నల్లటి రక్తపు పక్కు కట్టింది, నోరు తెరవలేకపోతోంది. గుటక వేయలేక ఉమ్మి బుగ్గ మీదుగా కారుతోంది. వీపు కింద పరిచిన దుప్పటిని నర్సు మెల్లగా లాగితే దానితోపాటు తడిసిన కాగితంలా చర్మం వచ్చింది.

"వేడి చేసిందనుకున్నామండీ డాక్టరు గారూ" అన్నాడాయన.

ఈ వ్యాసం ఆ మాట మీద. ఆయన మీద కాదు, ఎందుకంటే ఆ మాట ఆయనొక్కడిదే కాదు. కొత్త మందు మొదలుపెట్టాక నోరు పూస్తే, ఒళ్ళు పొక్కితే మన ఇళ్ళలో, మందుల షాపుల్లో, ఒక్కోసారి క్లినిక్కుల్లో కూడా వినిపించే మొదటి మాట అదే. మందు వేడి చేసింది, మజ్జిగ తాగించండి, సబ్జా నీళ్ళు ఇవ్వండి, బి కాంప్లెక్సు వేయండి, రెండు రోజుల్లో చల్లబడుతుంది. వందసార్లు ఆ మాట అన్నవాళ్ళకు తొంభైతొమ్మిదిసార్లు నష్టం జరగదు. మామూలు నోటిపూత దానంతటదే తగ్గుతుంది, పేరు మజ్జిగకు వస్తుంది. ఆ నూరోసారి మాత్రం మనిషి పోతాడు, లేదా కళ్ళు పోతాయి.

ముందు ఆమెకు ఏం జరిగిందో తేదీల వరసన చెబుతాను. ఈ జబ్బులో సాక్ష్యమంతా తేదీల్లోనే ఉంటుంది.

ఆమెకు ఎడమ దవడలో కరెంటు షాకు కొట్టినట్టు నొప్పి వచ్చేది. అది పంటి నొప్పి అనుకుని రెండు పళ్ళు పీకించుకుంది. నొప్పి పోలేదు. చివరికి ఒక డాక్టరు అది ముఖపు నరం నొప్పి అని సరిగ్గానే గుర్తుపట్టి, దానికి వాడాల్సిన మందే రాశాడు. మాత్రలు మొదలుపెట్టిన వారానికే నొప్పి సగం తగ్గింది. పన్నెండో రోజు పొద్దున జ్వరం, గొంతు మంట, కళ్ళలో ఇసుక పడ్డట్టు ఎరుపు. ఊళ్ళో ఆర్‌ఎంపీ జ్వరం బిళ్ళలు, ఒక యాంటీబయోటిక్ ఇచ్చాడు. పదమూడో రోజు సాయంత్రం నోట్లో పుండ్లు లేచాయి. బి కాంప్లెక్సు, కొబ్బరి బొండాలు. పదిహేనో రోజు ఛాతీ మీద ఎర్రటి, మధ్యలో ఊదా రంగు తిరిగిన మచ్చలు. ముట్టుకుంటే మంట. అప్పుడు అలర్జీ సూది పడింది. అదే రాత్రి మచ్చల మీద పొక్కులు లేచేసరికి పక్కింటావిడ ఆటలమ్మ పోసిందని వేపమండలు కట్టించింది. ఇక పదిహేడో రోజంతా ఎవరూ ఏ మందూ ఇవ్వలేదు, ఒక్క కార్బమజెపిన్ తప్ప. "నరాల మందు మధ్యలో మానకూడదన్నారు కదండీ" అన్నాడు భర్త. పద్దెనిమిదో రోజు పొద్దున ఆయన మాత్రను నూరి, చెంచాతో ఆ పుండైన నోట్లోనే పోసి, తర్వాత ఆసుపత్రికి బయలుదేరాడు.

లెక్క చూడండి. జ్వరం మొదలైన తర్వాత ఆమె మింగినవి పదమూడు మాత్రలు. నోరు పుండైన తర్వాతే పది.

ఈ జబ్బు పేరు స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్. 1922లో న్యూయార్క్‌లో ఇద్దరు పిల్లల డాక్టర్లు, స్టీవెన్స్, జాన్సన్, ఇద్దరు మగపిల్లల్లో జ్వరం, నోటి పుండ్లు, తీవ్రమైన కళ్ళ వాపు, ఒంటి మీద మచ్చలు కలిసి రావడం చూసి రాశారు. 1956లో లైల్ అనే బ్రిటిష్ చర్మవైద్యుడు కాలిన ఒంటిలా చర్మం ఊడిపోయిన నలుగురి గురించి రాసి, దానికి టాక్సిక్ ఎపిడర్మల్ నెక్రోలైసిస్ అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఈ రెంటినీ ఒకే జబ్బుకు రెండు అంచులుగా చూస్తున్నారు. ఊడిన చర్మం ఒంట్లో పది శాతం లోపు ఉంటే మొదటి పేరు, ముప్ఫై శాతం దాటితే రెండో పేరు. కొలవడానికి పరికరమేమీ అక్కర్లేదు. వేళ్ళతో సహా రోగి అరచేయి ఎంతో, ఒక శాతం సుమారుగా అంత. మా రోగికి వచ్చేనాటికి పద్దెనిమిది అరచేతుల చర్మం ఊడింది. అంటే రెంటి మధ్యలో ఉంది.

ఇక వేడి సంగతి. వేడి అనే మాటకు మన భాషలో చాలా అర్థాలున్నాయి, నాకు దానితో గొడవ లేదు. మామిడిపళ్ళు తిన్నాక సెగ్గడ్డ లేస్తే వేడి చేసిందనండి, ఎవరూ చచ్చిపోరు. ఈ జబ్బులో జరిగేది మాత్రం ఒంట్లో ఏదో ఎక్కువై చల్లార్చాల్సిన వ్యవహారం కాదు. మన రక్తంలోనే ఉండి, వైరస్ పట్టిన కణాలను వెతికి చంపే కాపలా కణాలు కొన్ని ఉన్నాయి. వాటిని టీ కణాలంటారు. మందు అణువు చర్మకణాల మీద ఒక ప్రత్యేకమైన తీరులో అతుక్కున్నప్పుడు, కొందరిలో ఈ టీ కణాలు సొంత చర్మాన్ని శత్రువు అనుకుంటాయి. గ్రాన్యులైసిన్ అనే విషపు ప్రోటీనును కుమ్మరిస్తాయి. పొక్కుల్లోని నీటిలోనే అది దండిగా ఉంటుందని 2008లో తైవాన్ పరిశోధకులు చూపించారు. చర్మపు పై పొర నిలువునా చచ్చి, కింది పొరనుంచి విడిపోతుంది. మంచి చర్మంలా కనిపించే చోట కూడా వేలితో పక్కకు రుద్దితే జారిపోవడం అందుకే. కొబ్బరినీళ్ళకు దీనితో సంబంధమేమిటి? దాహం తీరుస్తాయి, అంతే. ఆమె అవీ మింగలేకపోయింది.

నోరు, కళ్ళు, మూత్రద్వారం దగ్గరి మెత్తటి పొరలు చర్మానికి తోబుట్టువుల్లాంటివి. అందుకే తరచుగా ముందు పుండయ్యేది అవే. ఈ వరసను గుర్తుపట్టని వాళ్ళు నోటిపూతకు ఒక మందు, కళ్ళ ఎరుపుకు ఒక చుక్క, మూత్రం మంటకు ఒక సిరప్, జ్వరానికి ఒక బిళ్ళ ఇస్తారు. ఒక్కో డాక్టరు దగ్గర ఒక్కో ముక్క చికిత్స జరుగుతుంటుంది. మొత్తం జబ్బు ఎవరి కంటా పడదు.

వేడి అనని వాళ్ళు, కాస్త చదువుకున్నవాళ్ళు, అలర్జీ అంటారు. ఈ మాట సగం నిజం, కనుక ఇంకా ప్రమాదం. మనకు తెలిసిన మందు అలర్జీ అంటే దద్దుర్లు. మందు పడ్డ కాసేపటికే దురద పుట్టి, ఉబ్బి, ఒకచోట మాయమై ఇంకోచోట లేచి, చాలావరకు ఒక్క రోజులో అణిగిపోతాయి. అది హిస్టమిన్ చేసే పని. అలర్జీ సూది హిస్టమిన్‌కు అడ్డుపడుతుంది కనుక పనిచేస్తుంది. ఇక్కడ చర్మాన్ని చంపుతున్నది హిస్టమిన్ కాదు. ఆ సూది దీన్ని ఆపలేదు. దానితో కలిపి ఇచ్చే స్టెరాయిడ్ ఒక పూట జ్వరాన్ని దించవచ్చు, ఇంట్లో వాళ్ళకు ధైర్యం వస్తుంది. ఆ ధైర్యంలో ఇంకో రెండు రోజులు పోతాయి. స్టెరాయిడ్లు ఇవ్వాలా, సైక్లోస్పోరిన్ ఇవ్వాలా, ఎంత మోతాదు అనే విషయం మీద నిపుణుల్లోనే ఇంకా వాదన నడుస్తోంది. క్లినిక్ ముందు బెంచీ మీద కూర్చోబెట్టి ఒక్క సూదితో తేల్చగలిగేది కాదు.

తేడా ఎలా తెలుస్తుంది? దురదకూ మంటకూ తేడా చూడండి. మామూలు మందు దద్దు దురద పెడుతుంది, నోటి జోలికి రాదు. ఇందులో చర్మం మంట పెడుతుంది, నొప్పిగా ఉంటుంది. పైకి కనిపించేదానికంటే నొప్పి ఎక్కువగా ఉందని రోగి చెబితే ఆ మాట నమ్మాలి. ఆటలమ్మ అంటారా, దాని పొక్కులు ఎర్రటి చర్మం మీద నీటిబొట్టులా చిన్నగా, దురదగా, ఒకటి మాడుతుంటే ఇంకోటి లేస్తూ వస్తాయి. ఇక్కడ మచ్చలు చదునుగా, మధ్యలో నల్లగానో ఊదాగానో ఉండి, ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. పొక్కులు మెత్తగా వేలాడతాయి. పెదవులు పగిలి రక్తం గడ్డ కడుతుంది. నోరు, కళ్ళు, మూత్రద్వారం, వీటిలో రెండు చోట్లయినా పుండ్లు ఉంటాయి. అన్నిటికంటే పెద్ద ఆనవాలు క్యాలెండరు: గడిచిన రెండు నెలల్లో కొత్తగా మొదలుపెట్టిన మందు ఏదైనా ఉందా?

ఇక్కడే చాలామంది తప్పుతారు. "పదిహేను రోజులుగా ఏమీ కాలేదు కదా, ఇప్పుడెందుకు పడదు?" అని ప్రతి ఇంటివాళ్ళూ అడుగుతారు. కొందరు డాక్టర్లూ ఇదే అని నిన్న వేసిన యాంటీబయోటిక్ మీదికి నేరం నెడతారు. నిజానికి ఈ జబ్బులో ఆ పదిహేను రోజులే మందు దొరికిపోయిందనడానికి సాక్ష్యం. టీ కణాలు ఆ మందును శత్రువుగా నేర్చుకుని, లక్షల్లోకి పెరగడానికి వ్యవధి కావాలి. అందుకే మొదటిసారి వాడుతున్న మనిషిలో సాధారణంగా నాలుగో రోజుకూ ఇరవై ఎనిమిదో రోజుకూ మధ్య ఇది మొదలవుతుంది, మూర్ఛ మందుల్లో ఎనిమిది వారాల దాకా కూడా పోవచ్చు. ఏళ్ళ తరబడి వాడుతున్న బీపీ మాత్ర మీద అనుమానం తక్కువ. మూడు వారాల కిందట మొదలైనదాని మీద ఎక్కువ. మా రోగి విషయంలో జ్వరం, గొంతు మంట వచ్చిన తర్వాతే జ్వరం బిళ్ళా యాంటీబయోటిక్కూ వేసుకుంది. అప్పటికే నిప్పంటుకుంది. నేరం మోసింది మాత్రం యాంటీబయోటిక్. అసలు దొంగ పొద్దునా రాత్రీ మర్యాదగా ఇంట్లోకి వస్తూనే ఉన్నాడు.

ఏ మందులు? ఈ జబ్బు పేరు చెప్పగానే ఏ దేశపు డాక్టరుకైనా మొదట గుర్తొచ్చేవి కొన్నే. మూర్ఛకు, నరాల నొప్పికి వాడే కార్బమజెపిన్, ఫెనిటాయిన్, ఫెనోబార్బిటోన్, లామోట్రిజిన్. యూరిక్ యాసిడ్‌కు వాడే అలోప్యూరినాల్. సల్ఫా యాంటీబయోటిక్ కోట్రైమాక్సజోల్. హెచ్‌ఐవీకి ఒకప్పుడు విరివిగా వాడిన నెవిరపిన్. పిరాక్సికామ్, మెలాక్సికామ్ తరహా నొప్పి మాత్రలు. వీటిలో అలోప్యూరినాల్ గురించి ఒక మాట అనకుండా ఉండలేను. ప్యాకేజీ పరీక్షల్లో యూరిక్ యాసిడ్ కాస్త ఎక్కువని తేలగానే, కీలు వాపు ఎన్నడూ లేని మనిషికి, మందుల షాపువాడి సలహాతోనే ఇది మొదలవుతోంది. అవసరమైన మందుతో వచ్చిన ఆపదను ఓర్చుకోవచ్చు. కాగితం మీది అంకెకు వేసిన మందుతో చర్మం పోగొట్టుకున్నవాళ్ళకు ఏం చెప్పగలం?

"మందు మధ్యలో మానకూడదు" అనే వాదనకు గౌరవం ఇవ్వాలి, ఎందుకంటే మూర్ఛ మందు విషయంలో అది నిజమే. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. కానీ దానికి జవాబు అదే మాత్ర ఇంకొకటి మింగించడం కాదు. అనుమానం వచ్చిన మందు ఆపి, అదే రోజు పెద్దాసుపత్రికి చేరాలి. అక్కడ ఫిట్స్ రాకుండా లెవెటిరాసిటం వంటి వేరే తరహా మందు మొదలుపెడతారు. అయితే కార్బమజెపిన్ ఆపి ఫెనిటాయిన్ మొదలుపెట్టడం పెనం మీంచి తీసి పొయ్యిలో వేసినట్టే. రెండూ దగ్గరి చుట్టాలు, ఒకటి పడని ఒంటికి రెండోదీ పడకపోవచ్చు. మా రోగికి ఈ చిక్కు కూడా లేదు. ముఖం నొప్పికి వేసుకునే మాత్ర ఆపితే నొప్పి తిరగబెడుతుంది, అంతకుమించి ఏమీ కాదు.

ఆపడంలో ఒక్క రోజు తేడా అంటే ఎంత? 2000లో వెలువడిన ఒక అధ్యయనం ఈ లెక్క వేసింది. ఒంట్లోంచి త్వరగా బయటికి పోయే మందులైతే, వాటిని ఒక్కో రోజు ముందు ఆపినకొద్దీ చావు ముప్పు సుమారు ముప్ఫై శాతం చొప్పున తగ్గింది. నెమ్మదిగా పోయే మందుల్లో ఆ లాభం కనిపించలేదు. అంటే మొదటి రకం మందు వాడుతున్న ఇంట్లో "రేపు చూద్దాం" అనే మాటకు ఒక ధర ఉంది.

ఆసుపత్రిలో మాత్రం ఏం చేస్తారు, సెలైన్లు పెట్టి పడుకోబెడతారు అంతే కదా, అనేవాళ్ళున్నారు. చర్మం ఊడిన ఒళ్ళు కాలిన ఒంటితో సమానం. నీరు, ఉప్పు, ప్రోటీను కారిపోతుంటాయి, ఒళ్ళు వెచ్చదనాన్ని నిలుపుకోలేదు, సూక్ష్మజీవులకు తలుపులు బార్లా తెరుచుకుంటాయి. ఈ జబ్బులో మనిషిని ఎక్కువగా చంపేది చివరికి రక్తంలో పాకిన ఇన్ఫెక్షనే. కనుక గది వెచ్చగా ఉంచాలి, మూత్రం గంట గంటకూ కొలిచి సెలైన్ సర్దాలి, ముక్కు గొట్టంలోంచి ఆహారం ఇవ్వాలి, చేతులు కడుక్కోని మనిషిని లోపలికి రానివ్వకూడదు. ఊడిన చర్మాన్ని పీకెయ్యకూడదు. అది చచ్చిపోయినా కింది పచ్చిపుండుకు కప్పే. నూనె పట్టిన గాజుగుడ్డ పరిచి ఉంచుతాం. అది చాలనప్పుడు మా నర్సులు శుభ్రం చేసిన అరిటాకులు పరుస్తారు. ఒంటికి అంటుకోదు, చల్లగా ఉంటుంది, చవక. మన దేశంలో చాలా చర్మవ్యాధుల వార్డుల్లో ఇది మామూలే. సంప్రదాయానికి నేను వ్యతిరేకిని అనుకునేవాళ్ళు ఆ అరిటాకును గుర్తుపెట్టుకోవాలి. వేపమండతో పేచీ అది వేప అయినందుకు కాదు. అది కట్టిన రెండు రోజులూ మాత్ర ఆగకపోవడమే పేచీ.

చేరిన రోజు ఆమె నాడి నిమిషానికి 124. ఈ జబ్బులో ముప్పు కొలవడానికి 2000 నుంచి వాడుతున్న స్కోర్టెన్ అనే లెక్క ఒకటి ఉంది. వయసు నలభై దాటడం, నాడి 120 దాటడం, చర్మం పది శాతానికి మించి ఊడడం, రక్తంలో యూరియా, చక్కెర వంటి ఏడు అంశాలకు ఒక్కో మార్కు. ఆమెకు మూడు వచ్చాయి. మూడు వచ్చినవాళ్ళలో మూడో వంతుకు పైగా చనిపోతారని ఆ లెక్క చెబుతుంది. పన్నెండో రోజునే వచ్చి ఉంటే వయసుకు వచ్చే ఆ ఒక్క మార్కే ఉండేదేమో.

కళ్ళ గురించి విడిగా చెప్పాలి. ప్రాణం దక్కినవాళ్ళను జీవితాంతం వెంటాడేది అదే. రెప్పల లోపలి పొర పుండై, మానేటప్పుడు రెప్పా కనుగుడ్డూ అతుక్కుంటాయి, వెంట్రుకలు లోపలికి తిరిగి నల్లగుడ్డును గీరుతాయి, కన్నీరు ఎండిపోతుంది. దీనికి మందు వేసే కాలం చాలా చిన్నది. తీవ్రంగా ఉంటే మొదటి వారం, పది రోజుల్లోనే ఉమ్మనీటి సంచి పొరను కంటి మీద పరచడం వల్ల చూపు నిలుస్తుంది. ఆ కాలం దాటాక వచ్చినవాళ్ళకు రెప్ప అంచున నోటి లోపలి పొరను అతికించడం వంటి శస్త్రచికిత్సలు చేయాల్సి వస్తుంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఈ పనిలో ఎంతో అనుభవం గడించింది. ఇంత అనుభవం ఎక్కడినుంచి వచ్చింది? ఆలస్యంగా వచ్చినవాళ్ళ నుంచే.

నా తోటి డాక్టర్లలోనూ ఒక మాట నడుస్తుంది: ఇది పది లక్షల మందిలో ఏడాదికి ఏ కొద్దిమందికో వచ్చే జబ్బు, ముందే చెబితే భయపడి మందే మానేస్తారు, కనుక చెప్పకపోవడమే మేలు. అరుదన్నది నిజమే. ఒక ఆర్‌ఎంపీ జీవితకాలంలో ఒక్క కేసూ చూడకపోవచ్చు. సరిగ్గా అందుకే రోగికి తెలిసుండాలి. చూసిన అనుభవం ఎదుటివాడికి లేదు కనుక. చెప్పాల్సింది ఉపన్యాసమేమీ కాదు. "రెండు నెలల లోపు జ్వరంతో పాటు నోట్లో పుండ్లు గానీ, కళ్ళు ఎర్రబడటం గానీ, ఒంటి మీద మంట పెట్టే మచ్చలు గానీ వస్తే మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి రా, ఈ స్ట్రిప్పు వెంట తెచ్చుకో." చీటీ రాయడానికి పట్టే సమయంలో సగం చాలు. పైగా కొన్ని మందులకు ముప్పును ముందే తగ్గించే దారులున్నాయి. లామోట్రిజిన్‌ను చిన్న మోతాదుతో మొదలుపెట్టి వారాల మీద పెంచాలి, వాల్ప్రోయేట్ కూడా వాడుతుంటే ఇంకా నెమ్మదిగా. కార్బమజెపిన్ ముప్పు ఒక జన్యు గుర్తుతో ముడిపడి ఉందని 2004లో తైవాన్‌లో తేలింది. తర్వాత అక్కడ మందుకు ముందే రక్తపరీక్ష చేసి, గుర్తు ఉన్నవాళ్ళకు వేరే మందు ఇస్తే, పరీక్షించిన నాలుగువేల పైచిలుకు మందిలో ఒక్కరికీ ఈ జబ్బు రాలేదు. ఆ గుర్తు లేనంత మాత్రాన ఎవరికీ రాదని మాత్రం అనుకోకూడదు. కనుక ఆ ఒక్క వాక్యం చెప్పే పని పరీక్షతో తప్పదు.

ఆమె బతికింది. ఆసుపత్రిలో చేరిన ఇరవై నాలుగో రోజున ఇంటికి వెళ్ళింది. వీపు మీద చర్మం కొత్తగా, మచ్చలు మచ్చలుగా వచ్చింది. గోళ్ళు రాలి మళ్ళీ మొలుస్తున్నాయి. కుడి కంట్లో వెంట్రుకలు లోపలికి తిరిగాయి, నెలకోసారి తీయించుకుంటోంది. రెండు కళ్ళల్లోనూ పగలంతా చుక్కలు వేసుకోవాల్సిందే. ముఖం నొప్పికి వేరే మందు నడుస్తోంది. మందుల వల్ల జరిగిన హానిని నమోదు చేసే జాతీయ కార్యక్రమానికి మేము నివేదిక పంపాం. వాళ్ళ 1800-180-3024 నంబరుకు రోగులూ చెప్పుకోవచ్చు.

ఇంటికి పంపేటప్పుడు ఆమెకు ఒక అట్టముక్క ఇచ్చాం. దాని మీద కార్బమజెపిన్, ఫెనిటాయిన్, ఫెనోబార్బిటోన్ అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, ఇవి ఎవరు ఇచ్చినా వేసుకోకూడదని కింద రాశాం. రెండోసారి పడితే రెండు వారాలు ఆగదు, గంటల్లోనే మొదలవుతుంది. పోయిన నెల తనిఖీకి వచ్చినప్పుడు ఆ అట్ట అంచులు నలిగిపోయి ఉన్నాయి. "ఇంకోటి రాసివ్వండి డాక్టరు గారూ" అంది. ఎందుకలా నలిగిందని అడిగాను. "మా వీధిలో ఎవరు కొత్త మాత్రలు తెచ్చుకున్నా నా దగ్గరికి పట్టుకొస్తున్నారండీ, పేరు సరిచూసుకోడానికి" అంది.